గరిటె ముట్టని వారం

సైన్యానికి అధికారుల్ని ఎంపిక చేసే బోర్డు మొత్తాన్ని, అంటే తొమ్మిది మంది పెద్ద అధికారుల్ని, భుజాల మీద మెరిసే నక్షత్రాలతో సహా, ఒకే ఒక్క వంటవాడు ఒకే ఒక్క ఇనప గరిటెతో లొంగదీశాడు. నమ్మనివాళ్ళు ఇక్కడే పుస్తకం మూసేసి వేరే పని చూసుకోవచ్చు.

మూయలేదు కాబట్టి కాస్త సర్దుకుందాం. తొమ్మిది మంది అన్నది కొంచెం ఎక్కువ చేసి చెప్పడమే, వాళ్ళు ఏడుగురు. ఆ సమయానికి గరిటె అతని చేతిలో లేదు, నాలుగు వందల మైళ్ళ అవతల ఒక మేకుకి వేలాడుతోంది. లొంగదీశాడు అన్నమాట కూడా పెద్దదే. వాళ్ళు "సరే, నువ్విక వెళ్ళొచ్చు" అన్నారు, అతను వెళ్ళాడు. మిగతాదంతా నిజం. ముఖ్యంగా గరిటె చేతిలో లేకపోవడం.

ఆ వంటవాణ్ణి దళంలో అందరూ గరిటె అనే పిలిచేవారు. చేతులు పొడుగు, పొట్ట గుండ్రం, ఎటునుంచి చూసినా గరిటెలాగే ఉండేవాడు. పన్నెండో తరగతి పాసయ్యి, ఇంట్లో జీతం కావాల్సి వచ్చి, పందొమ్మిదో ఏట సైన్యంలో వంటవాడిగా చేరాడు. రేకుల షెడ్డు, ఒక గోడ వెంట ఆరు పొయ్యిలు, తినడానికి రెండు వందల ఇరవై మంది సిపాయిలు. పొద్దున ఏడింటికి టీ, రొట్టె, గుడ్లు. ఏడుమీద ఒక్క నిమిషం అయిందంటే రెండు వందల ఇరవై చెంచాలు బల్లల మీద వాయించడం మొదలు.

అతనికి అధికారి కావాలన్న కోరిక ఎక్కడ పుట్టిందంటే, ఒక బురదగుంటలో పుట్టింది. మూడేళ్ళ కిందట దళం అడవిలో అభ్యాసానికి వెళ్ళినప్పుడు నాలుగు రోజులు ఎడతెగని వాన. అకాడమీ నుంచి వచ్చి రెండు నెలలు కూడా కాని ఒక కుర్ర లెఫ్టినెంటు పళ్ళెం పట్టుకుని వరసలో చివర నిలబడ్డాడు. మీసం కూడా సరిగ్గా రాలేదు.

"సార్, మీరు ముందుకొచ్చి తినండి" అన్నాడు గరిటె.

"ఇంకా ఎంత మంది తినాలి?"

"నలభై మంది సార్."

"కూర సరిపోతుందా?"

"సరిపోదు సార్. చివరి పదిమందికి అడుగున నీళ్ళే."

"అయితే నేను పదకొండోవాణ్ణి" అని లెఫ్టినెంటు వరస వదల్లేదు. ఆఖరికి ఉప్పేసుకుని ఉత్త అన్నం తిన్నాడు.

మనుషులు తిన్నాకే అధికారి తినాలన్నది సైన్యంలో పాత పద్ధతి. అది గరిటెకి తెలియంది కాదు. కానీ వానలో, చేతిలో గరిటెతో నిలబడి దాన్ని కళ్ళారా చూడటం వేరు. ఆ రోజు నుంచి అతనికి ఆ కుర్రవాడి నక్షత్రాల మీద కాదు, ఆ ప్రశ్న మీద అసూయ పట్టుకుంది. ఇంకా ఎంత మంది తినాలి? ఆ ప్రశ్న అడిగే ఉద్యోగం తనకి కావాలి.

దారి ఉంది. సిపాయిగా ఉన్నవాళ్ళు కూడా అధికారి శిక్షణకి పోటీపడొచ్చు. ముందు దళం పెద్ద సిఫారసు చేయాలి. తర్వాత రాతపరీక్ష. అందులో నెగ్గితే ఐదు రోజుల ఎంపిక బోర్డు. అందులోనూ నెగ్గితే వైద్య పరీక్ష. అన్నీ దాటాక మార్కుల వరసలో ఉన్న సీట్లు పంచుతారు. వయసు ఇరవై ఏడు దాటకూడదు, మూడుసార్లకి మించి రాకూడదు.

గరిటె మొదటిసారి బోర్డుకి వెళ్ళి మధ్యాహ్నం భోజనానికే బయటికొచ్చేశాడు. మొదటి రోజు వడపోత అలాగే ఉంటుంది. కొన్ని తెలివి లెక్కలు, ఆ తర్వాత ఒక మసక బొమ్మని అర నిమిషం చూపించి దాని మీద కథ రాయమంటారు. ఆ కథని గుంపులో చెప్పి, అందరూ కలిసి ఒక్క కథకి రావాలి. గుంపంతా ఒకేసారి మాట్లాడింది. గరిటె మర్యాదగా తన వంతు కోసం ఎదురుచూశాడు. ఆ వంతు ఇంకా రాలేదు.

రెండోసారి ఐదు రోజులూ ఉండి వెనక్కొచ్చాడు. అప్పటికి వయసు ఇరవై ఆరు.

వచ్చిన రోజు వంట మేస్త్రి ఉల్లిపాయల బుట్ట ముందేసుకుని కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ పొయ్యిల దగ్గరే ఉన్న మనిషి, కనుబొమ్మలు ఆవిరికి ఎప్పుడో ఊడిపోయాయి.

"ఏమన్నారురా?"

"ఏమీ అనరు మేస్త్రీ. అక్కడ పేర్లే ఉండవు, ఛాతీ మీద నంబరు ఉంటుంది. నెగ్గిన నంబర్లు చదువుతారు. మిగతావాళ్ళని రైలెక్కిస్తారు."

"ఎందుకు వద్దన్నారో?"

"కారణం చెప్పరు."

"మా ఆవిడ కూడా అంతే" అని మేస్త్రి ఇంకో ఉల్లిపాయ కోశాడు. "సరేలే, అక్కడ ఏం చేశావో చేసి చూపించు."

గరిటె రెండు పీటలు దూరంగా పెట్టి, మధ్యలో అప్పడాల కర్ర పెట్టి వివరించాడు. మైదానంలో కొన్ని దిమ్మెలు, దూలాలు ఉంటాయి. ఎర్రరంగు వేసినచోట మనిషీ తగలకూడదు, వస్తువూ తగలకూడదు. ఒక పలక, ఒక దుంగ, ఒక తాడు ఇస్తారు. మోయడానికి ఒక బరువు కూడా ఉంటుంది. ఎనిమిది మంది గుంపు ఆ గీత నుంచి ఈ గీతకి నేల తాకకుండా చేరాలి. నాయకుడంటూ ఎవర్నీ పెట్టరు. మైదానం అధికారి ఒక పక్కన నిలబడి చూస్తూ రాసుకుంటాడు.

"పలక నిలవడం లేదు. అందుకని ఒక కొస నా భుజం మీద పెట్టుకున్నాను. ఏడుగురూ దాటారు మేస్త్రీ."

"ఎవరు పెట్టుకోమన్నారు?"

"ఎవరూ అనలేదు. పెట్టుకుంటే పని అవుతుంది కదా అని."

"పలక అక్కడ వేయమని చెప్పిందెవరు?"

"రెండో నంబరు. అది తప్పు చోటు. నాకు తెలుస్తూనే ఉంది."

"చెప్పావా?"

గరిటె అప్పడాల కర్రని అటూ ఇటూ దొర్లించాడు. "అతను గట్టిగా చెప్పాడు మేస్త్రీ. ఏడేళ్ళుగా గట్టిగా చెప్పినవాళ్ళ మాట వినడమేగా నా ఉద్యోగం."

"నిన్నొక్కణ్ణే నాయకుణ్ణి చేసి పెట్టే పరీక్ష ఏదీ లేదా?"

"ఉంది. ఇద్దర్ని ఎంచుకుని వాళ్ళతో చేయించమన్నారు. వాళ్ళకి చెప్పేలోపు నేనే చేసేశాను."

మేస్త్రి కత్తి కింద పెట్టాడు. "వాళ్ళేమో అధికారి కోసం వెతుకుతున్నారు. నువ్వెళ్ళి బల్ల కాలుగా నిలబడ్డావు. బల్ల కాలు ఎంత గట్టిదైనా దానికి సెల్యూట్ చేస్తారట్రా?"

గరిటె నవ్వలేదు. "ఇంకొక్కసారే ఉంది మేస్త్రీ. అదీ పోతే నా ప్రశ్న ఇంకెవరో అడుగుతారు."

"అయితే విను. రేపట్నుంచి వారం రోజులు ఈ వంటగది నీది. కానీ నువ్వు గరిటె ముట్టుకోకూడదు. కత్తి, గిన్నె, అగ్గిపెట్టె ఏదీ ముట్టుకోకూడదు. చేతులు వెనక్కి కట్టుకో. నోరొక్కటే పనిచేయాలి."

"అన్నం మాడిపోతే?"

"రెండొందల ఇరవై మంది నిన్ను తింటారు. వడ్డించడం నేను చూసుకుంటాను" అని మేస్త్రి అతని గరిటె లాక్కుని, గోడకి మేకు కొట్టి, అందనంత ఎత్తున తగిలించాడు.

మొదటి రోజు అన్నం జావైంది. రెండో రోజు గుడ్లు పగులుతుంటే చూడలేక గరిటె చెయ్యి ముందుకొచ్చింది, మేస్త్రి చెంచాతో వేళ్ళ మీద ఒక్కటిచ్చాడు. మూడో రోజు టీ రెండు నిమిషాలు ఆలస్యం, చెంచాల మోత. వంటగదిలో ఐదుగురు సహాయకులు. వాళ్ళలో నిద్రమొహం అని ఒకడున్నాడు. నూట పది కిలోల మనిషి, పాలు పొంగించడంలో ఆరితేరినవాడు. వాడి పనంతా గరిటే చేసేస్తుండేవాడు కాబట్టి ఇన్నేళ్ళలో వాడికి ఏ పనీ చెప్పినవాళ్ళు లేరు.

నాలుగో రోజు షెడ్డు ముందు నీటిగొట్టం కోసం కూలీలు ఆరడుగుల వెడల్పున కందకం తవ్వారు. బంగాళాదుంపల బస్తాలేమో అవతలి గట్టున ఉన్నాయి. ఉన్నదొక్క పలక, అది అవతలికి అందడం లేదు. ఆ గట్టున కూలీలు నిలబడి ఊరికే చూస్తున్నారు. గరిటె చేతులు వెనక గట్టిగా పట్టుకుని కాసేపు పలకని చూశాడు, కాసేపు నిద్రమొహాన్ని చూశాడు.

"ఒరే నిద్రమొహం, ఇటురా. పలక సగం కందకం మీదకి తోయండి. వీడు ఈ కొస మీద కూర్చుంటాడు."

"కూర్చుని?" అన్నాడు నిద్రమొహం.

"కూర్చోవడమే. నువ్వు లేస్తే బంగాళాదుంపలు కందకంలో పడతాయి, వాటి వెనకాల వీళ్ళు పడతారు. అందుకని ఎవరు పిలిచినా లేవొద్దు."

జన్మలో మొదటిసారి తనకి సరిపడా పని దొరికిందని నిద్రమొహం మఠం వేసుక్కూర్చున్నాడు. వాడి బరువుకి పలక బిగుసుకుంది. ఒకడు పలక చివరిదాకా వెళ్ళి అవతలివాళ్ళు అందించిన బస్తాలు ఒక్కొక్కటే అందుకుని వెనక్కిచ్చాడు. పన్నెండు బస్తాలు వచ్చాయి. గరిటె చేతులకి మట్టి అంటలేదు. ఎంత సిగ్గేసిందంటే, ఆ సాయంత్రం ఎవరూ చూడకుండా చేతులు కడుక్కున్నాడు.

ఏడో రోజు సరిగ్గా ఏడింటికి గుడ్లు బల్లల మీదున్నాయి. మేస్త్రి గడియారం చూసి, "ఊఁ" అన్నాడు. ఆ మనిషి దగ్గర అంతకు మించి ఎవరూ సంపాదించలేదు.

వారం అన్నారే గానీ గరిటె మళ్ళీ ఆ మేకు జోలికి వెళ్ళలేదు. రాతపరీక్ష మళ్ళీ రాయాలి. లెక్కలు, ఇంగ్లీషు, లోకజ్ఞానం. బియ్యం డబ్బా మూత లోపలివైపు లెక్కల సూత్రాలు అంటించాడు. బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక సూత్రం చదవాలి. సహాయకులందరికీ కూడా అవి నోటికొచ్చేశాయి. సాయంత్రాలు మైదానంలో పరుగు, దండీలు, తాడు ఎక్కడం. రాత నెగ్గాడు. బోర్డు నుంచి పిలుపొచ్చింది.

ఈసారి ఛాతీ మీద నంబరు పంతొమ్మిది. వడపోతలో నూట నలభై మందిలో ముప్ఫై ఆరుగురు మిగిలారు. బొమ్మ కథ చెప్పే గుంపులో అందరూ అరుస్తుంటే, చెంచాల మోత మధ్య ఏడేళ్ళు మాట్లాడిన గొంతుతో గరిటె, "ఒక్కొక్కరం ఒక్క వాక్యం చెబుదాం, మొదట పదిహేడో నంబరు" అన్నాడు. పదిహేడో నంబరు ఎంత ఆశ్చర్యపోయాడంటే నిజంగానే ఒక్క వాక్యమే చెప్పాడు.

భోజనాల గదిలో తమాషా. మిగతా అభ్యర్థులంతా వడ్డించేవాళ్ళు బోర్డు గూఢచారులని నమ్మి, రొట్టెని కూడా ఫోర్కుతో తింటున్నారు. బూరెబుగ్గల ఇరవై నాలుగో నంబరు చెమటలు కక్కుతూ గుడ్డుతో కుస్తీ పడుతున్నాడు.

"చేత్తో తిను తమ్ముడూ" అన్నాడు గరిటె. "నేను వంటవాణ్ణి. వడ్డించేవాడికి పళ్ళాలు లెక్కపెట్టుకోవడానికే టైము చాలదు, నీ మీద నివేదిక ఎక్కడ రాస్తాడు?"

రెండో రోజు మనస్తత్వ పరీక్షలు. తెర మీద ఒక మాట, పదిహేను సెకన్లు, తోచింది రాయాలి. అలా అరవై మాటలు. బొమ్మలకి కథలు, చివర బొమ్మే లేని తెల్లకాగితం, దానికీ కథ. అరగంటలో అరవై సందర్భాలు, ఒక్కోదాంట్లో నువ్వేం చేస్తావో రాయాలి. కిందటిసారి గరిటె ఒక శిక్షణా కేంద్రం పుస్తకం బట్టీపట్టి రాశాడు. అందులో హీరో ప్రతి కథలోనూ ఊరికి వంతెన కట్టేవాడు. గుంపులో మిగతావాళ్ళ హీరోలు కూడా అదే వంతెన కట్టారని తర్వాత తెలిసింది. ఈసారి తెల్లకాగితం మీద కందకం, పలక, మఠం వేసుకున్న ఒక లావాటి మనిషి కథ రాశాడు.

ఇంటర్వ్యూ అధికారి తెల్ల జుట్టాయన, నెమ్మది మనిషి. బడి, మార్కులు, స్నేహితులు, ఆటలు, ఇల్లు అన్నీ కలిపి ఒకే ఊపిరిలో పది ప్రశ్నలు అడిగి, వరసగా చెప్పమన్నాడు. గరిటె వరస తప్పకుండా చెప్పాడు. పది రకాల ఆర్డర్లు ఒకేసారి వినడం వంటగదిలో రోజూ ఉండేదే.

"రెండుసార్లు వెనక్కి వెళ్ళానని కాగితంలో రాశావు. ఎందుకు వెళ్ళావో తెలుసా?"

"బోర్డు చెప్పలేదు సార్. మా మేస్త్రి చెప్పాడు."

"ఏమని?"

"నన్ను బల్ల కాలు అన్నాడు సార్."

అధికారి కలం ఆగింది. "వివరించు."

గరిటె ముట్టని ఆ వారం గురించి అతను దాచకుండా చెప్పాడు, జావైన అన్నంతో సహా.

"రేపు నీకింద ముప్ఫై మంది ఉంటారు. వాళ్ళలో నీకంటే పెద్దవాళ్ళుంటారు. నిన్న వంటవాడిగా చూసినవాడు ఇవాళ నీ మాట వింటాడా?"

"మొదటి రోజు అన్నం జావవుతుంది సార్. నాలుగో రోజుకి వింటారు. నేను వాళ్ళ పని లాక్కోకుండా ఉంటే."

అధికారి రాసుకున్నాడు. అక్కడ ఎవరూ ఏమీ అనరు.

మూడో రోజు మైదానం. ఒక్కొక్కరూ దాటాల్సిన పది అడ్డంకులు, మూడు నిమిషాలు. దూలం మీద నడక, తాడు పట్టుకుని ఊగడం, ఎత్తు నుంచి దూకడం. పొట్ట అడ్డొచ్చినా గరిటె ఎనిమిది దాటాడు. ఆ తర్వాత నాయకత్వ పని. మైదానం అధికారి నంబర్లు పిలిచి ఒక్కొక్కరికీ వేరే అడ్డంకి ఇస్తున్నాడు. అందరూ సహాయకులుగా పదిహేడో నంబరునీ, ఎగిరి దూకే ఇరవై రెండునీ పిలుస్తున్నారు. బూరెబుగ్గల ఇరవై నాలుగుని ఎవరూ పిలవలేదు. అతను నేల మీద గడ్డి పీకుతూ కూర్చున్నాడు.

"పంతొమ్మిదీ. నీకు కావాల్సిన ఇద్దరెవరు?"

"ఇరవై నాలుగు, పదిహేడు సార్."

అధికారి కనుబొమ్మ ఎగరేశాడు. అడ్డంకి చూపించాడు. రెండు తెల్ల దిమ్మెలు, మధ్య ఆరడుగుల ఖాళీ, ఖాళీ మధ్యలో ఎర్ర కడ్డీ. నాలుగడుగులకి మించిన ఖాళీని దూకి దాటకూడదన్నది అక్కడి నియమం. దుంగ, పలక, తాడు. దాటించాల్సిన ఇనప పెట్టె. గరిటె దుంగకి పలక కట్టించి వంతెన వేయించబోతుంటే, "దుంగ విరిగిపోయిందనుకో" అని అధికారి దుంగ తీసేయించాడు. సగంలో చిక్కుముడి వేయడం వాళ్ళ అలవాటు.

పదిహేడో నంబరు పలక ఎత్తి అవతలికి వేయబోయాడు. అది చాలదు. ఎర్ర కడ్డీకి తగలబోయింది. గరిటె చెయ్యి లేచింది. ఆ పలకని ఎక్కడ ఎలా పట్టాలో అతని వేళ్ళకి తెలుసు. ఒక్క సెకను చాలు. ఆ లేచిన చెయ్యి గాల్లో ఆగింది, వెనక్కి వెళ్ళింది, రెండో చేతిని పట్టుకుంది.

"పదిహేడూ, ఆపు. పలక వెనక్కి లాగు. సగం ఖాళీ మీద, సగం దిమ్మె మీద. ఇరవై నాలుగూ, నువ్వు వెనక కొస మీద కూర్చో."

"నేనా?" అన్నాడు బూరెబుగ్గలవాడు.

"నువ్వే. ఇక్కడ నువ్వు తప్ప ఎవరూ పనికిరారు. నేను చెప్పేదాకా లేవొద్దు."

అతను కూర్చున్నాడు. పలక బిగుసుకుంది. పదిహేడో నంబరు పెట్టె తీసుకుని పలక చివరిదాకా వెళ్ళి, మిగిలిన ఖాళీని ఒక్క అంగలో దాటాడు. అటువైపు నుంచి పలక కొసని తాడుతో బిగించి పట్టుకోమని చెప్పి, గరిటె ఇరవై నాలుగుని దాటించాడు. ఆఖర్న తను దాటాడు. మైదానం అధికారి రాసుకుని, "తర్వాతి నంబరు" అన్నాడు. అంతే. అభ్యర్థులు తమ ఆశలన్నీ ఆ రెండు మాటల్లో వెతుక్కుంటారు. అందులో ఏమీ ఉండదు.

ఐదో రోజు బోర్డు మొత్తం ఒక్కొక్కరినీ లోపలికి పిలిచింది. అర్ధచంద్రాకారంలో బల్ల, ఏడుగురూ యూనిఫాంలో. గరిటె ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. బోర్డు పెద్ద అందర్నీ అడిగినట్టే అడిగాడు.

"ఇక్కడ ఉండటం ఎలా ఉంది? భోజనం?"

"భోజనం బాగుంది సార్. టీ మాత్రం ఐదు నిమిషాలు ఎక్కువ మరుగుతోంది."

ఏడుగురిలో ఒకరు దగ్గారు. బోర్డు పెద్ద తన ముందున్న టీ కప్పు వైపు ఒకసారి చూశాడు. "నువ్వెళ్ళి సరిచేస్తావా?"

"నేను ముట్టుకోను సార్. పొయ్యి దగ్గరున్నవాడికి చెబుతాను."

"సరే, నువ్విక వెళ్ళొచ్చు."

మధ్యాహ్నం వరండాలో నంబర్లు చదివారు. ముప్ఫై ఆరుగురిలో ఐదుగురు. నాలుగోది పంతొమ్మిది. ఇరవై నాలుగు రాలేదు. అతను గరిటెని కౌగిలించుకుని, "నన్ను పిలిచింది నువ్వొక్కడివే అన్నా" అని రైలెక్కాడు.

కథ అక్కడ అయిపోతే బాగుండేది. కానీ ఆసుపత్రి మిగిలింది. రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే, కంటికి అక్షరాల బోర్డు, చుక్కల్లో దాగిన అంకెలు, చెవుల్లో దీపం, మోకాళ్ళు, పాదాలు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. చివర్లో త్రాసు ఎక్కాడు. డాక్టరు ముల్లు చూశాడు, ఫైలు చూశాడు. "వంటవాడివా? అర్థమైంది."

ఎత్తుకీ వయసుకీ అరవై తొమ్మిది కిలోలు మించకూడదు. గరిటె డెబ్భై నాలుగు. "తాత్కాలికంగా అనర్హుడు. నలభై రెండు రోజుల్లో ఇంకో ఆసుపత్రిలో అప్పీలు బోర్డుకి వెళ్ళొచ్చు" అన్నాడు డాక్టరు. మూడు అవకాశాల్లో ఇది మూడోది. అప్పీలు పోతే అంతా పోయినట్టే.

గరిటెకి ఒక అక్క ఉంది. దళం ఉన్న ఊళ్ళోనే కూరగాయల మార్కెట్లో కాటా దగ్గర పని. బస్తాలు తూచి చీటీ రాస్తుంది. వందగ్రాముల దగ్గర కూడా ఎవర్నీ వదలదని పేరు. ప్రతి ఆదివారం గరిటె అక్క కాటా ఎక్కేవాడు.

"చెప్పులు తియ్. జేబులో ఏంటవి?"

"తాళాలే అక్కా."

"తాళాలకి అధికారి ఉద్యోగం ఇస్తారా? తియ్. నా కాటా మీద తమ్ముడైనా బస్తాయే."

మొదటి వారం డెబ్భై మూడు. రెండో వారం డెబ్భై రెండున్నర. మూడో వారం డెబ్భై రెండున్నర. నాలుగో వారం డెబ్భై రెండున్నర.

"నీ కాటా పట్టేసింది" అన్నాడు గరిటె.

అక్క పదికిలోల తూకంరాయి కాటా మీద పెట్టింది. ముల్లు పది మీద నిలబడింది. "నా కాటాని అనకు. ఏం తింటున్నావో చెప్పు."

"పొద్దున ఒక గుడ్డు. మధ్యాహ్నం ఉడకబెట్టిన కూరలు. సాయంత్రం ఎనిమిది మైళ్ళు పరిగెడుతున్నాను. రాత్రి మజ్జిగ."

"అది సరే. పూటకి ఎన్ని గిన్నెలు రుచి చూస్తావు?"

గరిటె ఆలోచించాడు. "ఆరు."

"మూడు పూటలకి?"

"పద్దెనిమిది. ఒక్కో చెంచానే అక్కా. ఉప్పు చూడాలిగా."

"ఎంత చెంచా?"

గరిటె చేతులతో చూపించాడు. అది చెంచా కాదు, చిన్న గిన్నె.

"దాన్ని రుచి చూడటం అనర్రా తమ్ముడూ, నాలుగో భోజనం అంటారు. గరిటె వదిలేశానని ఊరంతా చెప్పుకున్నావు. చెంచా మాత్రం నోట్లోనే ఉంది."

ఏడేళ్ళ వంటవాడికి తను తింటున్నట్టే తెలియలేదు. మేస్త్రికి చెబితే ఆయన చెంచా కూడా లాక్కుని మేకుకి గరిటె పక్కనే కట్టాడు. ఇంక ఉప్పు చూసే పని నిద్రమొహానికి. గరిటె దూరంగా నిలబడి వాడి ముఖం చూసి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడం నేర్చుకున్నాడు. కన్ను ముడిస్తే ఎక్కువ, నాలుక చప్పరిస్తే తక్కువ, ఇంకో చెంచా అడిగితే సరిపోయినట్టు. ఆ రెండు వారాలూ వంట ఎప్పుడూ లేనంత బాగుందని సిపాయిలు అన్నారు. ఇందులో అతిశయోక్తి ఉంటే ఆ పాపం సిపాయిలది.

ఐదో వారం డెబ్భై పాయింట్ మూడు. నలభయ్యో రోజున అక్క కాటా అరవై ఎనిమిది పాయింట్ ఎనిమిది చూపింది. అక్క చీటీ రాసి ముద్ర కొట్టి తమ్ముడి జేబులో పెట్టింది. "డాక్టరు త్రాసు వేరేగా చెబితే ఇది చూపించు. మార్కెట్టంతా సాక్ష్యం చెబుతుంది."

చూపించాల్సిన పని రాలేదు. అప్పీలు బోర్డు డాక్టరు రెండుసార్లు తూచి, నడుము కొలిచి, "అర్హుడు" అని రాశాడు. తర్వాత నెలకి మార్కుల జాబితా దళం ఆఫీసుకి వచ్చింది. సీట్లు డెబ్భై. గరిటె అరవై ఎనిమిదో వాడు.

మేస్త్రి జాబితా మీద అతని పేరుని వేలితో రుద్ది చూశాడు, సిరా నిజమైనదో కాదో అన్నట్టు. తర్వాత సహాయకుల వైపు తిరిగి, "ఏంటలా చూస్తున్నారు? పొయ్యి మీద పాలు" అన్నాడు. నిద్రమొహం అప్పటికే దింపేశాడు.

ఇదంతా జరిగి ఏళ్ళయింది. గరిటె మేజరుగా పదవీ విరమణ చేసి, ఇప్పుడు మనవళ్ళతో ఉంటున్నాడు. మొన్నొక ఆదివారం మధ్యాహ్నం అతనికి ఈ కాగితాలు మొదటి నుంచీ చదివి వినిపించడం జరిగింది. వింటున్నంతసేపూ అతను వంటగది గుమ్మంలో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, పొయ్యి దగ్గరున్న కొడుక్కి మంట తగ్గించమనీ, మూత పెట్టమనీ చెబుతూనే ఉన్నాడు. పిల్లలు పళ్ళాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. వాళ్ళ తలల మీదుగా చూసి, "ఇంకా ఎంత మంది తినాలి?" అని అడిగాడు. ఆ తర్వాత ఇటు తిరిగాడు.

"అంతా అబద్ధం" అన్నాడు. "నేనెప్పుడూ వంటవాణ్ణి కాను, సామాన్ల గదిలో గుమాస్తాని. మా మేస్త్రి అంటూ ఎవరూ లేరు. మా అక్కకి కాటా లేదు, పుస్తకాల కొట్టు ఉండేది. నా బరువు పుట్టినప్పటి నుంచీ అరవై ఎనిమిదే. బోర్డులో వాళ్ళు నన్ను భోజనం గురించి అడగలేదు, నేను టీ గురించి చెప్పలేదు. అలాంటిదేదీ జరగలేదు."